ధర పక్కన ఇంకో అంకె

ఆదివారం పూట పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడికి వెళ్ళినవాళ్ళకు అక్కడి రద్దీ ఎలా ఉంటుందో తెలుసు. గుంటూరు వైపు నుంచీ విజయవాడ వైపు నుంచీ ఆటోలు, కార్లు, ట్రాక్టర్లు వచ్చి రోడ్డు నిండిపోతుంది. పొద్దున తొమ్మిదింటికీ రద్దీయే, మధ్యాహ్నం రెండింటికీ రద్దీయే. దారిన పోయేవాడికి రెండూ ఒకటే. గుడి ముందు కొబ్బరికాయలు అమ్మే ఆమెకు మాత్రం ఒకటి కాదు. తొమ్మిదింటి రద్దీ చూసి ఇంకో బస్తా విప్పుతుంది. రెండింటి రద్దీ చూసి, విప్పిన బస్తాకే మూతి కట్టేస్తుంది. మొదటిది వచ్చేవాళ్ళ రద్దీ, రెండోది వెళ్ళేవాళ్ళ రద్దీ. ఆమె బేరమంతా ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

పత్తి వాయిదా బజారులో కూడా ఈ తేడా చెప్పే అంకె ఒకటి ఉంది. రోజూ తెర మీద ధర పక్కనే కనపడుతుంది. దాని పేరు ఓపెన్ ఇంటరెస్టు. తెర మీద OI అని రెండక్షరాలు వేస్తారు. నేను పెదకాకాని దగ్గర ఒక జిన్నింగు మిల్లులో చాలా ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి. మొదట్లో నేను కూడా ధర ఒక్కటే రాసుకునేవాణ్ణి. పక్క అంకె రాసుకోవడం మొదలుపెట్టాక, ధర ఎందుకు కదిలిందన్నది కొంచెం కొంచెంగా అర్థమవుతూ వచ్చింది. ఆ అంకెను ఎలా చదవాలో, ఎక్కడ నమ్మకూడదో ఈ పూట చెబుతాను.

ముందు ఆ అంకె దేన్ని లెక్కపెడుతుందో చూద్దాం. వాయిదా బజారులో అప్పటికప్పుడు సరుకు చేతులు మారదు, ఒప్పందం మారుతుంది. ఫలానా నెలలో ఫలానా ధరకు ఇన్ని లాట్లు ఇస్తానని ఒకరు, తీసుకుంటానని ఒకరు ఒప్పుకుంటారు. ఆ ఒప్పందం తెగిపోయేదాకా, అంటే ఎదురు లావాదేవీ చేసి బయటపడేదాకా, లేదా సరుకు ఇచ్చిపుచ్చుకునేదాకా అది బతికే ఉంటుంది. అలా బతికి ఉన్న ఒప్పందాలు సాయంత్రానికి ఎన్ని అన్నదే ఓపెన్ ఇంటరెస్టు.

ఒక చిన్న లెక్క వేద్దాం. సోమవారం ఒక జిన్నింగు మిల్లు యజమాని 10 లాట్లు అమ్మాడు, ఒక నూలు మిల్లు కొన్నది. ఇద్దరూ కొత్తవాళ్ళే. బతికి ఉన్న ఒప్పందాలు 10. అమ్మిన 10, కొన్న 10 కలిపి 20 అనరు. ఒక ఒప్పందానికి రెండు వైపులుంటాయి, లెక్క ఒక్కసారే. మంగళవారం ఇంకో ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చి 5 లాట్లు చేసుకున్నారు. లెక్క 15కు పెరిగింది. బుధవారం నూలు మిల్లువాళ్ళు తమ 10 లాట్లను ఒక కొత్త వ్యాపారికి అమ్మేసి వెళ్ళిపోయారు. ఆ రోజు 10 లాట్ల వ్యాపారం జరిగింది, అయినా లెక్క 15 దగ్గరే ఉంది, ఎందుకంటే ఒకరు లేచిన చోట ఇంకొకరు కూర్చున్నారు. మంగళవారం కొన్నవాడు గురువారం నాడు ఆ 5 లాట్లు అమ్మాడు, జిన్నింగు మిల్లు యజమాని తన అమ్మకంలో సగం తీర్చేసుకోవడానికి అవే 5 కొన్నాడు. ఇద్దరూ పాతవాళ్ళే, ఇద్దరూ బయటికే పోతున్నారు. లెక్క 10కి దిగింది.

ఆ రోజు ఎన్ని లాట్ల వ్యాపారం జరిగిందన్నది వేరే అంకె, దాన్ని వాల్యూము అంటారు. రోడ్డు మీద ఎన్ని బండ్లు తిరిగాయో అది చెబుతుంది. గుడిలో ఇంకా ఎంతమంది ఉన్నారో చెప్పేది ఓపెన్ ఇంటరెస్టు. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. వాల్యూము మర్నాడు పొద్దున మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఓపెన్ ఇంటరెస్టు నిన్నటి దగ్గర నుంచి కొనసాగుతుంది.

ఇప్పుడు ఈ లెక్క పక్కన ధరను కూడా పెట్టి చూద్దాం. ధర పెరగొచ్చు, తగ్గొచ్చు. ఈ లెక్క కూడా పెరగొచ్చు, తగ్గొచ్చు. అంటే నాలుగు రకాలు. అందరికీ ముందు తట్టేది ధరా పెరిగి, లెక్కా పెరగడం. కొత్తగా కొనేవాళ్ళు ఎక్కువ ధర ఇచ్చి మరీ లోపలికి వస్తున్నారన్నమాట. ఇది తొమ్మిదింటి రద్దీ. పెరుగుదల వెనక కొత్త డబ్బు ఉంది కాబట్టి, ఆ డబ్బు వస్తున్నంతకాలం ధర నిలబడే అవకాశం ఎక్కువ.

ఇక్కడే ఒక సందేహం రావాలి. కొత్త ఒప్పందం పుట్టాలంటే కొత్తగా కొనేవాడితో పాటు కొత్తగా అమ్మేవాడూ ఉండాలి కదా, మరి కొనేవాళ్ళు వచ్చారని ఎలా అంటాం? అంకె ఒక్కటే చూస్తే అనలేం. తొందర ఎవరిదో ధర చెబుతుంది. ధర పైకి పోయిందంటే అమ్మేవాడు అడిగిన చోటికి కొనేవాడు వెళ్ళాడని, కిందికి పోయిందంటే కొనేవాడు అడిగిన చోటికి అమ్మేవాడు దిగాడని అర్థం. మన గుంటూరు యార్డులో మిర్చి బేరం కూడా అంతే. ఎవరికి తొందరైతే వాళ్ళే అవతలివాడి మాటకు వస్తారు. ఓపెన్ ఇంటరెస్టు వచ్చారా వెళ్ళారా అన్నది చెబుతుంది, ధర తొందర ఎవరిదన్నది చెబుతుంది. రెండూ కలిపితేనే కథ పూర్తవుతుంది, అదీ ఊహే తప్ప సాక్ష్యం కాదు.

రెండో రకం ధర పెరిగి, లెక్క తగ్గడం. నా ఉద్దేశంలో మన పత్తి ఊళ్ళవాళ్ళు అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది ఇదే. ధర పెరిగితే ఎవరో ఎగబడి కొంటున్నారనుకుంటాం. కొంటున్నమాట నిజమే, కానీ కొంటున్నది పత్తి కావాల్సినవాళ్ళు కారు. అంతకుముందు అమ్మి, ఇప్పుడు నష్టం భరించలేక బయటపడుతున్నవాళ్ళు. దీన్నే షార్ట్ కవరింగు అంటారు.

ఎందుకు భరించలేరో లెక్కలో చూపిస్తాను. 2023 ఫిబ్రవరిలో మళ్ళీ మొదలైన ఎంసీఎక్స్ పత్తి ఒప్పందంలో ఒక లాటు అంటే 48 క్యాండీల దూది. క్యాండీ అంటే సుమారు 356 కిలోలు. నూటికి 35 పాళ్ళు దూది వస్తుందనుకుంటే ఒక క్యాండీకి పది క్వింటాళ్ళ పైచిలుకు పత్తి ఆడించాలి. ఎకరానికి తొమ్మిది పది క్వింటాళ్ళు వచ్చే చేలల్లో యాభై ఎకరాల పంట ఒక్క లాటుతో సరి. ఒక జిన్నింగు మిల్లు యజమాని దగ్గర గోడౌన్లో 480 క్యాండీల బేళ్ళున్నాయి. ధర పడిపోతే మునిగిపోతానని వాయిదాలో 10 లాట్లు అమ్మి పెట్టుకున్నాడు. తెలివైన పనే. ఒక రోజు క్యాండీకి 1,000 రూపాయలు పెరిగింది. ఎక్స్ఛేంజీ ఏ రోజు లెక్క ఆ రోజే తేలుస్తుంది. లాటుకు 48,000, పది లాట్లకు 4,80,000 రూపాయలు మర్నాటికి ఆయన ఖాతాలోంచి పోవాలి. గోడౌన్లో ఉన్న దూది విలువ కూడా అంతే పెరిగింది కదా అంటారు. పెరిగింది, కానీ అది బేళ్ళ రూపంలో ఉంది. బేళ్ళు ఇచ్చి మార్జిను కట్టలేరు. రెండో రోజు ఇంకో వెయ్యి పెరిగితే ఇంకో 4,80,000. మూడో రోజు బ్యాంకు మేనేజరు ఫోను ఎత్తడు. అప్పుడాయన లెక్క సరిగ్గా ఉండి కూడా, అమ్మిన లాట్లు కొనేసి బయటపడతాడు. ఆయన కొనుగోలు ధరను ఇంకొంచెం పైకి నెడుతుంది, దాంతో పక్క మిల్లువాడికీ అదే గతి.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. 2008 మార్చి మొదటి వారంలో న్యూయార్కు పత్తి వాయిదా బజారులో ధర ఉన్నట్టుండి ఎగబాకింది. గోడౌన్ల నిండా పత్తి ఉండి, దానికి రక్షణగా వాయిదాలో అమ్మి పెట్టుకున్న పెద్ద పెద్ద అమెరికా వ్యాపారులు మార్జిను డబ్బు సర్దలేక నష్టానికి బయటపడ్డారు. తరాల నాటి పత్తి కంపెనీలు కొన్ని ఆ దెబ్బకు వ్యాపారమే మానుకున్నాయి. ఆ వారం బజారులో పత్తికి కొరత లేదు, కొరతంతా చేతిలో నగదుకే.

అందుకే ధర పెరుగుతూ లెక్క తగ్గుతుంటే, ఆ పెరుగుదలకు ఆయుష్షు తక్కువని అనుమానించాలి. బయటపడాల్సినవాళ్ళందరూ బయటపడ్డాక కొనే తొందర ఉన్నవాళ్ళు మిగలరు. ఒక సంవత్సరం వేసవిలో ఒక రైతు మిల్లు దగ్గరికి వచ్చాడు. ఇంట్లో రెండు గదుల్లో పైకప్పు తగిలేదాకా పత్తి పోసి ఉంచాడు. "బాబాయ్, నాలుగు రోజుల్నుంచి పెరుగుతుంది కదా, ఇంకో పది రోజులు ఆపమంటావా?" అన్నాడు. నా పుస్తకంలో నాలుగు రోజులుగా ధర గడిలో పెరుగుదల, పక్క గడిలో తగ్గుదల. పుస్తకం తిప్పి అతని ముందు పెట్టాను. "పైకి పోతున్నది నిజమేరా అబ్బాయ్, కానీ మనుషులు వెళ్ళిపోతున్నారు. సగం అమ్ము, సగం నీ ఇష్టం" అన్నాను. సగమే ఎందుకన్నానంటే ఆ అంకె రేపటి ధర చెప్పదు. ఇవాళ్టి ధర వెనక ఎవరున్నారో మాత్రమే చెబుతుంది. అతను సగం అమ్మాడు. మిగతా సగానికి ఎక్కువ వచ్చిందా తక్కువ వచ్చిందా అని నన్నడక్కండి. అది చెబితే ఈ పద్ధతి గెలిచిందనో ఓడిందనో మీరు తేల్చేస్తారు, ఒక్క రైతు ఒక్క ఏడాది బేరంతో అది తేలదు.

మూడో రకం ధర తగ్గి, లెక్క పెరగడం. పుస్తకాల్లో దీనికి చెప్పే అర్థం, కొత్తగా అమ్మేవాళ్ళు దిగువ ధరకైనా లోపలికి వస్తున్నారని, తగ్గుదల ఇంకా సాగవచ్చని. అర్థం తప్పు కాదు. కానీ గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కూర్చుని చదివేటప్పుడు క్యాలెండరు కూడా చూడాలి. దసరా దాటాక పత్తి తీతలు మొదలవుతాయి. సంక్రాంతి దాకా మిల్లుల ముందు ట్రాక్టర్లు వరస కడతాయి. ఆ రోజుల్లో జిన్నింగు మిల్లు యజమాని పొద్దున పత్తి కొని, అదే రోజు దానికి సరిపడా లాట్లు వాయిదాలో అమ్ముతాడు. ధర పడిపోతుందన్న నమ్మకంతో అమ్మడు, కొన్న సరుక్కి రక్షణగా అమ్ముతాడు. ఊళ్ళో పత్తి ఎంత వస్తే వాయిదాలో అమ్మకాలు అంత పెరుగుతాయి. అందరూ ఒకేసారి అమ్మితే ధర కొంచెం జారుతుంది, లెక్క పెరుగుతుంది. తెర మీద చూసేవాడికి పెద్ద పెద్ద వ్యాపారులు పత్తి మీద పగబట్టినట్టుంటుంది. నిజానికి అది మన ట్రాక్టర్ల వరసే. నవంబరులో ఈ రకం కనపడితే నేను పెద్దగా పట్టించుకోను. రాబడులు ఆగిపోయిన ఏప్రిల్లోనో మేలోనో కనపడితే మాత్రం రెండోసారి చూస్తాను. అప్పుడు అమ్మేవాడి వెనక ఊళ్ళో పత్తి లేదు, ధర మీద అతని అంచనా ఉంది.

నాలుగోది ధరా తగ్గి, లెక్కా తగ్గడం. ఇది రెండోదానికి అద్దంలో బొమ్మ. ఎక్కువ ధరకు కొని పెట్టుకున్నవాళ్ళు ఓపిక అయిపోయి వదిలించుకుంటున్నారు. వాళ్ళు అయిపోగానే తగ్గుదల కూడా నీరసిస్తుంది. చేతిలో సరుకున్న రైతు కంగారుపడి అమ్మేసేది సరిగ్గా ఇలాంటప్పుడే. అలాంటి వారంలో ఒక్క రెండు రోజులు ఆగి, లెక్క తగ్గడం ఆగిందా అని చూడమని నేను చెబుతాను. అప్పు తీర్చే గడువు మీద పడితే ఆ సలహా కూడా పనికిరాదు, అది నాకు తెలుసు.

ఇక ఈ చదువు ఎక్కడ తప్పుతుందో చెప్పాలి. అది చెప్పకపోతే ఇంతసేపు చెప్పింది ప్రమాదం.

మొదటిది గడువు. ప్రతి ఒప్పందానికీ ఒక నెల ఉంటుంది. ఆ నెల దగ్గర పడుతుంటే అందులో ఉన్నవాళ్ళు అక్కడ తీర్చేసుకుని తర్వాతి నెలలో మళ్ళీ రాసుకుంటారు. దీన్ని రోలోవరు అంటారు. ముందు నెల లెక్క గబగబా తగ్గిపోతుంది. ధర అప్పుడే కొంచెం పెరిగి ఉంటే, చూశారా షార్ట్ కవరింగు అని చెప్పేవాళ్ళు బయల్దేరతారు. అది కాదు, మనుషులు ఈ గదిలోంచి పక్క గదిలోకి మారారు. అందుకే ఒక్క నెల అంకె చూడకూడదు. నడుస్తున్న నెలలన్నిటి ఓపెన్ ఇంటరెస్టు కూడి, ఆ మొత్తాన్ని నిన్నటి మొత్తంతో పోల్చాలి. నా పుస్తకంలో మొదటి ఏడాది చేసిన తప్పులన్నీ ఇలాంటివే.

రెండోది ప్రభుత్వం, ఎక్స్ఛేంజీ మార్చే నిబంధనలు. 2022 గుర్తు తెచ్చుకోండి. పొడవు పింజ పత్తికి ఆ సీజను మద్దతు ధర క్వింటాలుకు 6,025 రూపాయలు. బజారులో పది వేలు దాటింది. దూది క్యాండీ లక్ష రూపాయలు పలికింది. నూలు మిల్లులు గగ్గోలు పెట్టాయి. ఏప్రిల్ 14 నుంచి కేంద్రం పత్తి దిగుమతి సుంకం ఎత్తేసింది. ఆగస్టు చివరికి ఎంసీఎక్స్‌లో కొత్త పత్తి ఒప్పందాలు ఆగాయి. 2023 ఫిబ్రవరిలో కొత్త కొలతలతో మళ్ళీ మొదలయ్యాయి. ఆ మధ్య కాలంలో బతికి ఉన్న ఒప్పందాలు తగ్గిపోవడాన్ని ఎవరైనా కొన్నవాళ్ళ నిరాశ అనో అమ్మినవాళ్ళ భయం అనో చదివితే పొరపాటు. గుడి తలుపులు మూశారు కాబట్టి జనం వెళ్ళిపోయారు. ఎక్స్ఛేంజీ అదనపు మార్జిను వేసినప్పుడు కూడా చిన్న మోతాదులో ఇదే జరుగుతుంది. అందుకని లెక్క ఒక్కసారిగా తగ్గిన రోజున ముందు ఎక్స్ఛేంజీ సర్క్యులర్లు చూడాలి, తర్వాతే అర్థం వెతకాలి.

మూడోది అన్నిటికన్నా పెద్దది, బజారు పలచన. నాలుగైదు వందల మంది ఆడే బజారులో లెక్క పెరిగితే దానికి అర్థం ఉంటుంది. పట్టుమని పది మంది ఆడే చోట ఒకే ఒక్క మిల్లు తన అమ్మకం తీర్చేసుకున్నా లెక్కలో పెద్ద గండి కనపడుతుంది. దాన్ని బజారు మనసు అనలేం, ఒక మనిషి అవసరం అనాలి. మన గుంటూరు మిర్చికే ఒకప్పుడు ఎన్‌సీడీఈఎక్స్‌లో వాయిదా వ్యాపారం ఉండేది. సరుకు అప్పజెప్పాల్సింది గుంటూరులోనే. అది నిలవలేదు. ఇవాళ టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి రైతుకు చూసుకోవడానికి ఈ అంకె లేదు. అతనికి స్టోరేజీల్లో ఎంత నిల్వుందన్నదే ఓపెన్ ఇంటరెస్టు లాంటిది. పత్తికి కూడా మన దేశపు వాయిదా బజారు 2022 తర్వాత పలచగానే ఉంది. అందుకే నేను ఇక్కడి అంకెతో పాటు న్యూయార్కు అంకె కూడా రాసుకుంటాను. మన నూలు మిల్లులు దిగుమతి చేసుకోవాలా, ఇక్కడ కొనాలా అని తేల్చుకునేది ఆ ధర చూసే.

చివరగా రాసుకునే పద్ధతి. ఒక మామూలు నోటుపుస్తకం చాలు. తేదీ, ఆ సాయంత్రం సెటిల్‌మెంటు ధర, అన్ని నెలలూ కలిపిన ఓపెన్ ఇంటరెస్టు, మీ ఊళ్ళో ఆ రోజు పత్తి ఎంతకు కొన్నారు అన్న నాలుగు గడులు గీయండి. అంకెలు ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో ప్రతి సాయంత్రం ఉచితంగా దొరుకుతాయి. ఒక్క రోజు మార్పు చూసి ఏమీ అనుకోవద్దు, ఐదారు రోజులు ఒకే దిక్కుగా పోతేనే లెక్కలోకి తీసుకోండి. వాయిదా ధర పెరుగుతున్నా మీ ఊరి కొనుగోలు ధర కదలకపోతే, ఆ పెరుగుదల ఇంకా మీ దాకా రాలేదనుకోండి.

వాయిదాలో లాట్లు కొనమని నేను చెప్పడం లేదు. 48 క్యాండీల లాటు చిన్న రైతు మోయగలిగింది కాదు. పొద్దున ఫోను చేసి ఓపెన్ ఇంటరెస్టు పెరిగింది, ఇప్పుడే డబ్బు పంపు అనేవాళ్ళుంటారు. వాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి, అన్ని నెలలూ కలిపి పెరిగిందా, ఒక్క నెలలోనేనా అని. జవాబు తడబడితే ఫోను పెట్టేయండి. రాబోయే తీతలకు ముందే పుస్తకం మొదలుపెట్టి, ఒక సీజను మొత్తం ఉత్తినే రాసి చూడండి. గదిలో ఉన్న పత్తి ఎప్పుడు అమ్మాలన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు ఆ పుస్తకం మీ చేతిలో ఉండాలి.